టీకా వేసినా 9వ వారం నుంచి కాళ్ళు పడిపోతున్నాయి. మారెక్స్ అంటున్నారు, ఎక్కడ తప్పు జరిగింది?

మల్లేశం (జనగామ దగ్గర) | ఆదివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నా దగ్గర 155 నాటు కోడిపిల్లలు ఉన్నాయి. నా సొంత పెట్టల గుడ్లనే మిషన్‌లో పెట్టి తీయించాను. ఇప్పుడు 12 వారాలు. తొమ్మిదో వారంలో ఒక పెట్టపిల్ల కుంటడం మొదలుపెట్టింది. మర్నాటికి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పక్కకు ఒరిగి పడుకుంది. కళ్ళు చురుగ్గానే ఉన్నాయి, గింజ ముందు పెడితే తింటోంది, కానీ లేవలేదు. తర్వాత వారంలో ఇంకో నాలుగు అలాగే. ఇప్పటికి 23 పడ్డాయి. అందులో 14 చనిపోయాయి, మిగతా 9 వేరే గంప కింద పెట్టాను.

నిన్న చనిపోయినదాన్ని జిల్లా కేంద్రంలో పరీక్ష చేయించాను. మారెక్స్ అన్నారు. లివర్ రెండింతలు ఉబ్బి, దాని మీద తెల్లటి గడ్డలు ఉన్నాయి. నాకు అర్థం కానిది ఒక్కటే. పిల్లలు పుట్టినప్పుడే మారెక్స్ టీకా నేనే స్వయంగా వేశాను. మరి ఎందుకు వచ్చింది? మిగిలినవాటికి ఇప్పుడు మళ్ళీ టీకా వేయవచ్చా? రాత్రి నిద్ర పట్టడం లేదు.

రమణమూర్తి (పాలకొల్లు) | ఉదయం 8:02

తమ్ముడూ, టెన్షన్ పడకు. ఇది బి-విటమిన్ లోపం. మా పిల్లలకు రెండేళ్ళ కిందట అచ్చం ఇలాగే కాళ్ళు పడిపోయాయి. నీళ్ళలో బి-కాంప్లెక్స్ కలిపి వారం ఇస్తే సగానికి పైగా లేచి తిరిగాయి. పరీక్షలు చేసేవాళ్ళు ఏది చూసినా మారెక్స్ అనేస్తారు. ముందు బి-కాంప్లెక్స్ ఇచ్చి చూడు.

శారద, పశువైద్యురాలు | ఉదయం 9:40

రమణమూర్తి గారూ, మీ పిల్లలకు అప్పుడు ఎన్ని రోజుల వయసు? కాలివేళ్ళు లోపలికి పిడికిలిలా ముడుచుకున్నాయా?

రమణమూర్తి (పాలకొల్లు) | ఉదయం 9:55

రెండు వారాలు దాటి ఉంటాయి డాక్టర్ గారూ. అవును, వేళ్ళు ముడుచుకుని మడమల మీద నడిచేవి.

శారద, పశువైద్యురాలు | ఉదయం 10:30

అయితే మీది నిజంగానే బి2 లోపం. మీరు చేసిన వైద్యం సరైనదే. అది పిల్ల వయసులో వస్తుంది, రెండు కాళ్ళకూ వస్తుంది, వేళ్ళు ముడుచుకుంటాయి, త్వరగా విటమిన్ పడితే తేరుకుంటాయి. మల్లేశం గారి కోళ్ళకు తొమ్మిదో వారంలో మొదలైంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పోయింది. పైగా లివర్‌లో గడ్డలు. విటమిన్ లోపంతో గడ్డలు రావు.

ఒక మాట మాత్రం రమణమూర్తి గారి పక్షాన చెప్పాలి. బి2 లోపంలో కూడా తొడ నరం లావెక్కుతుంది. కాబట్టి నరం ఒక్కటే చూసి మారెక్స్ అని తేల్చకూడదు, వయసూ గడ్డలూ కలిపి చూడాలి.

మల్లేశం గారూ, పరీక్ష చేసినప్పుడు మీరు పక్కనే ఉన్నారా? తొడ నరం చూపించారా?

మల్లేశం (జనగామ దగ్గర) | ఉదయం 11:15

ఉన్నాను మేడమ్. తొడ లోపలి కండను వేళ్ళతో విడదీసి రెండు వైపులా చూపించారు. కుడివైపు నరం సన్నగా, తెల్లగా, మెరుస్తూ ఉంది. దాని మీద అడ్డంగా సన్నటి గీతలు కనిపించాయి. ఎడమవైపుది దానికి రెండింతలు లావుంది, రంగు పసుపు కలిసిన బూడిద, గీతలు లేవు, నీళ్ళలో నానిన దారంలా ఉంది. ఆ కోడి ఎడమ కాలే వెనక్కి చాపుకునేది.

శారద, పశువైద్యురాలు | ఉదయం 11:40

ఇంత బాగా చూసి చెప్పినవాళ్ళు తక్కువ. మీ డాక్టర్ చెప్పింది సరైనదే. ఇక టీకా సంగతి. ఏ టీకా, ఎక్కడ కొన్నారు, ఎలా కలిపారు, ఏ రోజు వేశారు, అంతా వరుసగా రాయండి. ఏదీ వదలొద్దు.

వాసు (భీమవరం) | మధ్యాహ్నం 12:20

మేము ఐదో రోజు కంట్లో చుక్కలు వేస్తాం, మళ్ళీ నెలకు వేస్తాం. మా జాతి పిల్లలకు ఇంతవరకు ఏమీ రాలేదు. మీరు చుక్కలు సరిగ్గా వేయలేదేమో అన్నా.

రఘు, హ్యాచరీ సూపర్‌వైజర్ | మధ్యాహ్నం 12:45

వాసు గారూ, మీరు కంట్లో వేసేది కొక్కెర తెగులు టీకా. అది మారెక్స్‌కు పనికి రాదు. మారెక్స్ టీకా ఇంజెక్షన్. పిల్ల పుట్టిన రోజే మెడ వెనక తోలు కింద వేయాలి. పిల్లలు కొనేటప్పుడు మీ హ్యాచరీ వాళ్ళు వేసే పంపించి ఉండవచ్చు, అడిగి చూడండి. సొంతంగా పొదిగించుకునేవాళ్ళ దగ్గరే ఇది ఎక్కువగా మిస్సవుతుంది.

మల్లేశం (జనగామ దగ్గర) | మధ్యాహ్నం 1:30

వరుసగా రాస్తున్నాను మేడమ్.

టీకా సీసా మండలం సెంటర్‌లో వెటర్నరీ మందుల షాపులో కొన్నాను. పొడి మందు, 1000 డోసులు, దాంతో పాటు 200 మిల్లీలీటర్ల ద్రావణం సీసా ఇచ్చారు. ఐస్ పెట్టిన థర్మాస్‌లో తెచ్చాను. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాను, ఫ్రీజర్‌లో కాదు. నా దగ్గర రెండు మిషన్లున్నాయి. మొదటి దాంట్లో పిల్లలు శుక్రవారం పుట్టాయి, 84. ఆ సాయంత్రమే కలిపి ఒక్కోదానికి 0.2 మిల్లీలీటర్ వేశాను. రెండో మిషన్‌లో గుడ్లు ఆలస్యంగా పెట్టినందుకు అందులో 71 పిల్లలు సోమవారం పుట్టాయి. వాటికీ అలాగే 0.2 వేశాను. మొదటివాటి కాలికి ఎర్ర రింగు, రెండోవాటికి పచ్చ రింగు వేశాను. ఏ గుంపునైనా పుట్టిన నాలుగో రోజున పాత కోళ్ళ షెడ్‌లోనే ఒక పక్క మెష్ కట్టి వదిలాను.

రఘు, హ్యాచరీ సూపర్‌వైజర్ | మధ్యాహ్నం 1:42

మల్లేశం అన్నా, సోమవారం వేసినప్పుడు కొత్త సీసా కలిపావా, శుక్రవారం మిగిలిందే వేశావా?

మల్లేశం (జనగామ దగ్గర) | మధ్యాహ్నం 1:50

శుక్రవారం మిగిలిందే అన్నా. ఇంకా 180 మిల్లీలీటర్ల పైన మిగిలింది. పారబోయడానికి మనసు రాక మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో దాచాను. రంగు మారలేదు, వాసన లేదు.

శారద, పశువైద్యురాలు | మధ్యాహ్నం 2:15

మల్లేశం గారూ, ఇప్పుడే షెడ్‌లోకి వెళ్ళి ఒక లెక్క తీయండి. పడిపోయిన 23లో ఎర్ర రింగువి ఎన్ని, పచ్చ రింగువి ఎన్ని? చనిపోయినవాటి రింగులు దాచారా?

మల్లేశం (జనగామ దగ్గర) | సాయంత్రం 5:20

దాచాను మేడమ్, డబ్బాలో వేసి ఉంచాను. మా ఆవిడ, నేను కలిసి లెక్కపెట్టాం. పచ్చ రింగువి 20. ఎర్ర రింగువి 3.

రెండుసార్లు లెక్కపెట్టాం. అంతే వచ్చింది.

రఘు, హ్యాచరీ సూపర్‌వైజర్ | సాయంత్రం 5:48

అన్నా, జవాబు నీ డబ్బాలోనే ఉంది. 84లో 3, 71లో 20. రెండు గుంపులూ ఒకే పెట్టల గుడ్లు, ఒకే షెడ్, ఒకే దాణా. తేడా మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్న మందు ఒక్కటే.

ఇది చచ్చిన మందు కాదు. బతికున్న వైరస్. టర్కీ కోళ్ళలో ఉండే ఒక వైరస్, మన కోళ్ళకు జబ్బు చేయదు, కానీ మారెక్స్‌ను తట్టుకోవడం నేర్పుతుంది. పొడిగా ఉన్నంతకాలం ఫ్రిజ్‌లో నిద్రపోతున్నట్టు ఉంటుంది. ద్రావణంలో కలిసిన క్షణం నుంచి చావడం మొదలవుతుంది. అందుకే కలిపాక సీసాను ఐస్‌లో పెట్టుకుని గంటలోపు అయిపోగొట్టాలి. మిగిలితే అదే రోజు పారబోయాలి. సోమవారం నీ పిల్లలకు పడింది ఉప్పునీళ్ళతో సమానం. రంగు, వాసన చూసి దీన్ని పసిగట్టడం ఎవరి వల్లా కాదు.

మా హ్యాచరీలో లేయర్ పిల్లలకు వాడేది ఇంకో రకం. అది ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాజు ఆంప్యూల్ తీసి 27 డిగ్రీల నీళ్ళలో ముంచి కరిగించి, ద్రావణంలో కలిపి, గంటలో ఖాళీ చేస్తాం. నత్రజని డబ్బాలో ఆంప్యూల్స్ తలకిందులుగా వేలాడతాయి. మధ్యలో ఎప్పుడైనా నత్రజని తగ్గి మందు కరిగి మళ్ళీ గడ్డకడితే ఆ గడ్డ ఆంప్యూల్ కొసలో కనిపిస్తుంది. అలాంటిది ఒక్కటి దొరికినా ఆ డబ్బా మొత్తం పక్కన పెడతాం. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవాణ్ణి. ఒకసారి ఒక రైతు 14 వారాల పుల్లెట్లు పడిపోతున్నాయని వచ్చి గేటు ముందు నిలబడ్డాడు. ఆ రోజు తర్వాత అలా అనుకోలేదు.

కృష్ణవేణి (విజయనగరం) | సాయంత్రం 6:30

మా అత్తగారి ఊళ్ళో ఇది గుడ్డులోంచే వస్తుంది, ఆ పెట్టల గుడ్లు పొదిగించకూడదు అంటారు. మల్లేశం అన్నగారు పెట్టల్ని కూడా తీసేయాలి కదా?

శారద, పశువైద్యురాలు | రాత్రి 8:05

కృష్ణవేణి గారూ, మీ ఊరివాళ్ళు చెప్పేది వేరే జబ్బుకు సరిపోతుంది. ల్యూకోసిస్ అని ఒకటి ఉంది, అందులోనూ లివర్‌లో గడ్డలే ఉంటాయి, అది గుడ్డు ద్వారా వస్తుంది. కానీ అది సాధారణంగా నాలుగు నెలలు దాటాక కనిపిస్తుంది, నరాలు దెబ్బతినవు. మారెక్స్ గుడ్డులో రాదు. మారెక్స్ ఉన్న పెట్ట గుడ్డులోంచి పుట్టిన పిల్ల కూడా శుభ్రంగానే పుడుతుంది.

మరి ఎక్కడినుంచి వస్తుందంటే, ఈకల మొదళ్ళ నుంచి. వైరస్ అక్కడ పెరిగి, ఈకల నుంచి రాలే పొట్టుతో కలిసి గాలిలోకి వస్తుంది. షెడ్‌లో ఎండ పడే చోట నిలబడి చూస్తే తేలుతూ కనిపించే ఆ సన్నటి ధూళి, సాలెగూళ్ళకు పట్టే బూడిద రంగు పొర, అందులో నెలల తరబడి బతికి ఉంటుంది. పిల్ల ఊపిరి పీలిస్తే చాలు.

టీకా పుట్టిన రోజే వేయాలనడానికి కారణం ఇదే. పిల్ల శుభ్రంగా ఉండేది షెడ్ గాలి తగిలేవరకే. టీకా వేశాక అది పని మొదలుపెట్టడానికి దాదాపు వారం పడుతుంది. ఇది టీకాకూ ధూళికీ మధ్య పరుగుపందెం. ధూళి తగలకముందే టీకాకు ఒక వారం దొరికితే అది గెలుస్తుంది. పెద్ద హ్యాచరీల్లో కొన్నిచోట్ల పిల్ల పుట్టేదాకా కూడా ఆగకుండా 18వ రోజున గుడ్డులోనే టీకా వేసేది ఆ వారంలో ఇంకో మూడు రోజులు కలిపి తెచ్చుకోవడానికే.

మల్లేశం గారూ, మీ ఎర్ర రింగువాటిలో కూడా మూడు ఎందుకు పడ్డాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. టీకా బాగానే వేశారు, కానీ నాలుగో రోజుకే పాత కోళ్ళ పక్కన వదిలారు. మెష్ కోడిని ఆపుతుంది, ధూళిని ఆపదు.

ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న. 12 వారాల కోళ్ళకు ఇప్పుడు టీకా వేస్తే లాభం లేదు. వైరస్ ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయింది. దీనికి మందు కూడా లేదు. యాంటీబయోటిక్స్ మీద డబ్బు పెట్టొద్దు.

మల్లేశం (జనగామ దగ్గర) | రాత్రి 9:00

చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. పచ్చ రింగు పిల్లలకు నేను చేతులారా నీళ్ళు ఎక్కించాను. పడిపోయినవాటిలో ఏమైనా కోలుకుంటాయా మేడమ్? ఒకటి రోజూ నేను వెళ్ళగానే తల ఎత్తి చూస్తుంది.

శారద, పశువైద్యురాలు | రాత్రి 9:25

మీరు పారబోయలేకపోయింది అందరికీ ఉండే మనసే. ఆ సీసా మీద కలిపాక ఎంతసేపటిలో వాడాలో రాసి ఉన్నా, అక్షరాలు చిన్నవి, ఇంగ్లీషులో ఉంటాయి. అమ్మేటప్పుడు షాపులో ఒక్క మాట చెప్పాల్సింది.

కోలుకోవడం అరుదు. కాళ్ళు చాపేసి లేవలేనివి నీళ్ళు, గింజ అందక ఎండిపోతాయి. వాటిని బాధ లేకుండా ముగించి లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. కుంటుతున్నవి నాలుగైదు రోజులు చూడవచ్చు. అమ్మడం, కోయడం మాత్రం వద్దు. ఇది మనుషులకు అంటుకునే జబ్బు కాదు, కానీ గడ్డలున్న కోడిని ఎవరి పళ్ళెంలోకీ పంపకూడదు.

లావణ్య (డాలస్) | సోమవారం, ఉదయం 6:15

నేను ఇక్కడ పెరట్లో 11 పెట్టల్ని పెంచుతున్నాను. ఇక్కడ పిల్లల్ని ఆర్డర్ పెట్టేటప్పుడు మారెక్స్ టీకా కావాలా వద్దా అని అడుగుతారు, పిల్లకు కొన్ని సెంట్లు ఎక్కువ. మొదటిసారి వద్దన్నాను. సహజంగా పెంచుదామనుకున్నాను. రెండోసారి టీకా వేసినవి తెచ్చి కలిపాను. ఇప్పుడు పాతవాటిలో ఒకదాని కన్ను బూడిద రంగుకు మారింది, కంటిపాప గుండ్రంగా లేదు, అంచులు చెదిరినట్టు ఉంది. అది చూపు పోయి గోడలకు కొట్టుకుంటోంది.

నా సందేహం వేరే. టీకా వేసిన కోళ్ళే వైరస్‌ను బతికించి, ఇంకా బలంగా తయారుచేస్తున్నాయని 2015లో ఒక పరిశోధన వచ్చింది. అలాంటప్పుడు అందరూ టీకా వేసుకుంటూ పోవడం సరైనదేనా?

శారద, పశువైద్యురాలు | ఉదయం 8:50

లావణ్య గారూ, మీ పెట్ట కన్ను మారెక్స్ రూపాల్లో ఒకటి కావచ్చు. అక్కడి డాక్టర్‌కు చూపించండి.

పరిశోధన నిజమే, ఆండ్రూ రీడ్ బృందం చేసింది. ఈ టీకా వైరస్‌ను లోపలికి రానీయకుండా ఆపదు, ఈకల నుంచి బయటికి వెళ్ళకుండానూ పూర్తిగా ఆపదు. గడ్డలు, పక్షవాతం రాకుండా మాత్రమే ఆపుతుంది. చాలా తీవ్రమైన వైరస్ పడితే టీకా లేని కోళ్ళు త్వరగా చచ్చిపోతాయి, వాటితో పాటు వైరస్ వ్యాప్తి కూడా ఆగిపోతుంది. టీకా ఉన్నవి బతికి, దాన్ని చల్లుతూ ఉంటాయి. ప్రయోగంలో చూపించింది ఇది. మీరన్న మాట ఇంతవరకు సరైనదే.

దీని నుంచి నేను తీసుకునేది మాత్రం వేరు. టీకా వేసిన కోళ్ళున్న పెరట్లో టీకా లేని కోడిని పెట్టకూడదు. సగం వేసి సగం వదిలేయడమే అన్నిటికన్నా ప్రమాదం. మల్లేశం గారి ఎర్ర రింగు కోళ్ళు ఆరోగ్యంగా తిరుగుతున్నా, వాటి ఈకల నుంచి వైరస్ రాలుతూనే ఉండవచ్చు. రేపు ఆ షెడ్‌లోకి టీకా లేని పిల్లలు వస్తే ఏమవుతుందో ఊహించండి.

లావణ్య (డాలస్) | ఉదయం 9:30

మీరు చెప్పింది అర్థమైంది డాక్టర్ గారూ. కానీ ఎప్పటికీ టీకా మీదే ఆధారపడటం నాకు ఇంకా మింగుడు పడటం లేదు. కొన్ని జాతులకు సహజంగా తట్టుకునే శక్తి ఉంటుంది కదా. టీకా లేకుండా బతికినవాటి నుంచి సంతతి తీసుకుంటే నాలుగైదు తరాలకు గట్టి కోళ్ళు తయారవుతాయి. నేను ఆ దారిలోనే చూద్దామనుకుంటున్నాను.

రఘు, హ్యాచరీ సూపర్‌వైజర్ | ఉదయం 10:10

అక్కా, తట్టుకునే వంశాలు ఉన్న మాట నిజం. కానీ ఆ నాలుగైదు తరాల్లో పోయే కోళ్ళు ఎవరివి? మీకు 11 ఉన్నాయి, తట్టుకోగలరు. అప్పు చేసి 155 పెట్టినవాడికి అది కుదరదు. నేను ఒప్పుకోలేను.

వాసు (భీమవరం) | ఉదయం 11:00

పిల్లలు కొన్న చోట అడిగాను. మారెక్స్ వేసే పంపుతాం అన్నారు. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. కానీ మా నాన్న ఇంట్లో పొదిగించినవాటికి ఎవరూ వేయలేదు. పదీ పన్నెండు పిల్లల కోసం 1000 డోసుల సీసా కొనడం ఎలా?

రఘు, హ్యాచరీ సూపర్‌వైజర్ | ఉదయం 11:25

అసలు కష్టం అక్కడే ఉంది తమ్ముడూ. 12 పిల్లలకు కావలసింది రెండున్నర మిల్లీలీటర్లు, మిగిలిందంతా పారబోత. అయినా పారబోయాల్సిందే. సగం పొడి తీసి సగం దాచడం కూడా కుదరదు, సీసా తెరిస్తే తేమ తగులుతుంది.

నాకు తోచింది ఒకటే. ఊళ్ళో పొదిగించేవాళ్ళంతా ఒకే రోజు గుడ్లు పెట్టాలి. 21వ రోజు అందరి పిల్లలూ ఒకసారి దిగుతాయి. ఒక సీసా కొని, ఒకచోట కూర్చుని గంటలో ముగించవచ్చు. గంటకు చేయి తిరిగిన మనిషి వందల్లో వేయగలడు. సూది నీళ్ళలో మరిగించాలి, స్పిరిట్‌తో కడగొద్దు, టీకా వైరస్ చస్తుంది. మెడ వెనక తోలును రెండు వేళ్ళ మధ్య ఎత్తి, సూదిని తల నుంచి వీపు వైపు చూపిస్తూ తోలు కిందికి పోనివ్వాలి. మందు వెళ్ళేటప్పుడు వేళ్ళ కింద చిన్న బుడగలా తెలుస్తుంది. వేళ్ళకు తడి తగిలితే సూది రెండో వైపు బయటికి వచ్చినట్టు, ఆ పిల్లకు మళ్ళీ వేయాలి.

రమణమూర్తి (పాలకొల్లు) | మధ్యాహ్నం 12:40

నేను నిన్న తొందరపడి బి-కాంప్లెక్స్ అనేశాను. రింగుల లెక్క చదివాక నోట మాట రాలేదు. మల్లేశం తమ్ముడూ, ఆ రింగులు వేయడం ఎవరు నేర్పారు? నేను ఎప్పుడూ వేయలేదు.

మల్లేశం (జనగామ దగ్గర) | ఎనిమిది వారాల తర్వాత

అందరికీ నమస్కారం. పచ్చ రింగువి ఇంకో 11 పోయాయి. ఎర్ర రింగువి ఇంకొకటే. 20వ వారం వచ్చింది, పెట్టలు గుడ్డుకు వస్తున్నాయి. ఇరవై రోజులుగా కొత్తగా ఏదీ పడలేదు.

రమణమూర్తి అన్నా, రింగులు మా ఆవిడ ఆలోచన. ఏ మిషన్ బాగా పిల్లలు తీస్తుందో తెలుసుకుందామని వేసింది.

మా ఊళ్ళో ముగ్గురం కలిసి ఒకే రోజు గుడ్లు పెట్టాం. పోయిన గురువారం 190 పిల్లలు దిగాయి. సీసా కలిపింది ఉదయం 9:05కి, చివరి పిల్లకు వేసింది 9:50కి. మిగిలిన మందును మా ఆవిడ నా చేతిలోంచి తీసుకుని పారబోసింది. పిల్లల్ని ఇంటి ముందు గదిలో పెట్టాను, షెడ్‌కు 60 అడుగుల దూరం. ముందు పిల్లల పని చేసుకుని తర్వాతే షెడ్‌లోకి వెళ్తున్నాను, చెప్పులు కూడా వేరు. మూడు వారాల వరకు అక్కడే ఉంచుతాను.

ఒక్కటి తేలలేదు మేడమ్. పచ్చ రింగువి 40 బతికి ఉన్నాయి. బాగా తిరుగుతున్నాయి, మంచి పుంజులు కూడా ఉన్నాయి. లావణ్య గారు చెప్పినట్టు వీటి నుంచి సంతతి తీయాలా, లేక అన్నీ తీసేసి షెడ్ కడిగి సున్నం వేసి ఖాళీగా ఉంచాలా? మా ఇద్దరికీ రోజూ ఇదే వాదన.